పద్నాలుగో రోజు దాటినా ఆగని ఏడుపు: ఒక బాలింత కేసు

ఇది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం వైపు పల్లెలో పుట్టింటికి పురిటికి వచ్చిన 23 ఏళ్ల అమ్మాయి కేసు. ఒక్కరి కథ కాదు, ఈ ప్రాంతంలో తరచూ కనిపించే కేసుల వివరాలు కలిపి కూర్చింది. తొలి కాన్పు. నొప్పులు మొదలైనా కాన్పు ముందుకు సాగక సిజేరియన్ చేశారు. ఆడపిల్ల, 2.6 కిలోలు. భర్తకు బెంగళూరులో భవన నిర్మాణ పని, కాన్పప్పుడు వచ్చి నాలుగు రోజులుండి వెళ్లిపోయాడు. అంతకు ముందు మానసిక జబ్బేదీ లేదు. గర్భం ఏడో నెలలో రక్తం 9.4 గ్రాములే ఉంది, మాత్రలు సరిగా వేసుకోలేదు.

కాన్పయ్యాక 38వ రోజున ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకొచ్చినప్పుడు ఆమె తల్లి చెప్పిన సమస్య దిగులు కాదు. "పాపకు పాలు చాల్తాలేదు, దీనికి ఒంట్లో సత్తువ లేదు, తలనొప్పి అంటాంది." బాలింతల్లో వచ్చే డిప్రెషన్ మన దగ్గర చాలాసార్లు ఇలాగే వస్తుంది, నొప్పి రూపంలోనో నీరసం రూపంలోనో పాల లోటు రూపంలోనో. "మనసు బాగాలేదు" అంటూ వచ్చేవాళ్లు తక్కువ.

మొదటి వారం: అంతా సరిగ్గానే నడిచింది

మూడో రోజు సాయంత్రం నుంచి ఏడుపు మొదలైంది. ఎవరో పలకరిస్తే ఏడుపు, పాప చెయ్యి చూసి ఏడుపు, భర్త ఫోన్ చేస్తే ఏడుపు. నాలుగో రోజున ఇంకా ఎక్కువైంది. ఆ రోజే రొమ్ములు గట్టిపడి పాలు బాగా పడ్డాయి. రెండూ ఒకే సమయంలో రావడానికి కారణం ఉంది.

గర్భంలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ అనే రెండు హార్మోన్లను ఎక్కువగా తయారుచేసేది మాయ. నిండు నెలలకు ఈస్ట్రోజెన్ మామూలు నెలసరిలో ఉండే గరిష్ఠ స్థాయికి కొన్ని పదుల రెట్లు ఉంటుంది. కాన్పయ్యాక మాయ బయటికొస్తే ఆ ఫ్యాక్టరీ ఒక్కసారిగా మూతపడినట్టే. తొలి రెండు రోజుల్లోనే స్థాయిలు నిట్టనిలువుగా పడిపోతాయి, వారం లోపు గర్భానికి ముందున్న స్థాయికి చేరతాయి. ప్రొజెస్టెరాన్ పడిపోవడమే పాలు పడమని రొమ్ముకు అందే సంకేతం. ఇదే ప్రొజెస్టెరాన్ నుంచి శరీరంలో అల్లోప్రెగ్ననోలోన్ అనే పదార్థం తయారవుతుంది. అది మెదడును నెమ్మదింపజేసే గాబా వ్యవస్థ మీద పనిచేస్తుంది. తొమ్మిది నెలలు అలవాటైన ఆ నెమ్మది రెండు రోజుల్లో జారిపోతే, చిన్న మాటకే కళ్లు నిండుతాయి.

దీన్నే బేబీ బ్లూస్ అంటాం. సగం మందికి పైగా బాలింతల్లో ఇది కనిపిస్తుంది. రెండు మూడు రోజుల్లో మొదలై, నాలుగైదు రోజులకు తారస్థాయికి చేరి, 10 నుంచి 14 రోజుల్లో దానంతట అదే తగ్గిపోతుంది. మందు అక్కర్లేదు. దీన్ని గుర్తుపట్టడానికి ఏడుపు కన్నా, ఏడుపుల మధ్య ఉండే వేళ చూడాలి. ఏడుస్తూనే నవ్వుతుంది, పది నిమిషాల తర్వాత పాపను చూసి మురిసిపోతుంది, పక్కవాళ్లు పాపను తీసుకుంటే హాయిగా నిద్రపోతుంది.

ఏడో రోజు ఇంటికి వచ్చిన ఆశ కార్యకర్త చూసింది అదే. "ఏం పాపా, ఏడ్సినావంట?" అంటే, "ఊరికే వస్తాంది అక్కా" అంటూ నవ్వింది. పచ్చి బాలింతకు ఇది మామూలే, తగ్గిపోతుందని ఆశ ధైర్యం చెప్పింది. ఆ రోజుకు ఆ మాట నూటికి నూరు పాళ్లు సరైనది. చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆ మాట ఆ ఇంట్లో నెలంతా నిలిచిపోయింది.

పద్నాలుగో రోజు ఎవరూ అడగని ప్రశ్న

ఆసుపత్రి కాన్పు తర్వాత ఆశ కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి వెళ్లాలి. ఈ తేదీలను పెట్టింది ప్రధానంగా బిడ్డ కోసం, బరువు, బొడ్డు, జ్వరం, పాలు చూడటానికి. కానీ ఇవి తల్లి మనసుకు కూడా అతికినట్టు సరిపోతాయి. 3వ రోజు బ్లూస్ మొదలయ్యే సమయం, 7వ రోజుకు తగ్గుముఖం పట్టాలి, 14వ రోజుకు పోయి ఉండాలి. కొత్త పథకమేదీ అక్కర్లేదు, అదే గడపలో ఇంకో రెండు నిమిషాలు కూర్చుంటే చాలు.

ఈ కేసులో 14వ రోజున పాప బరువు చూశారు: 2.6. పుట్టినప్పటి బరువుకు వచ్చింది, బాగానే ఉంది అనుకున్నారు. తల్లి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. "పండుకుంది, లేపద్దులే" అన్నారు. 21వ రోజు ఊయల వేసినప్పుడు చుట్టాలంతా వచ్చారు, ఆమె కూర్చోమన్న చోట కూర్చుంది, ఎత్తుకోమంటే ఎత్తుకుంది. ఏడవలేదు కూడా. ఇంట్లో వాళ్లు ఏడుపు తగ్గింది కదా అనుకున్నారు. ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. డిప్రెషన్ ముదిరేకొద్దీ ఏడుపు పెరుగుతుందని లేదు, చాలామందిలో ఏడుపు ఆగిపోయి మొద్దుబారినట్టు అవుతారు. 28వ రోజు పాప బరువు 2.8. నెల నాటికి రోజుకు 20 నుంచి 30 గ్రాముల చొప్పున పెరగాల్సింది అందులో సగమే పెరిగింది. తప్పు పాలలో ఉందనుకుని డబ్బా పాలు మొదలుపెట్టారు. దర్గాకు తీసుకెళ్లి తాయెత్తు కట్టించారు.

ఇంట్లో ఎవరు అడిగినా దొరికిన సమాధానం ఒకటే, "హార్మోన్లు కదా, సర్దుకుంటాయి." ఇదివరకు గాలి సోకిందనేవాళ్లు, ఇప్పుడు హార్మోన్లంటున్నారు. రెండూ ఒకే పని చేస్తున్నాయి, ఆసుపత్రికి వెళ్లడాన్ని వాయిదా వేస్తున్నాయి.

హార్మోన్ల పతనం మొదటి వారంలోనే అయిపోతుంది. నాలుగో వారంలో ఇంకా పడేందుకు ఏమీ మిగలదు. పాలిచ్చే తల్లికి ఈస్ట్రోజెన్ నెలల తరబడి తక్కువగానే ఉంటుంది, అయినా వాళ్లలో ఎక్కువమంది బాగానే ఉంటారు. కాబట్టి స్థాయి తక్కువుండటమొక్కటే జబ్బుకు కారణం కాదు. 2000లో అమెరికాలో ఒక చిన్న ప్రయోగం జరిగింది. గర్భంతో లేని 16 మంది స్త్రీలకు మందులతో గర్భాన్ని తలపించేలా హార్మోన్లు పెంచి, వాళ్లకు తెలియకుండా ఒక్కసారిగా ఆపేశారు. వారిలో 8 మందికి ఇదివరకు కాన్పు తర్వాత డిప్రెషన్ వచ్చింది, 8 మందికి రాలేదు. హార్మోన్ ఆపాక మొదటి గుంపులో 5గురికి మనసు కుంగింది. రెండో గుంపులో ఒక్కరికీ కుంగలేదు. అందరికీ ఇచ్చిన హార్మోన్లు అవే, పడిపోవడమూ అంతే, దాన్ని తట్టుకునే మెదడే వేరు. హార్మోన్ల రక్తపరీక్ష రాయమని అడిగే కుటుంబాలకు చెప్పేదిదే: ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ పరీక్షలతో ఈ జబ్బు తేలదు, డబ్బు దండగ. చేయించాల్సినవి రెండు, హిమోగ్లోబిన్, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్. కాన్పయ్యాక కొన్ని నెలలకు కొందరిలో థైరాయిడ్ గ్రంథి వాచి, మొదట ఎక్కువగా, తర్వాత తక్కువగా పనిచేస్తుంది. ఆ నీరసం, మందకొడితనం అచ్చం డిప్రెషన్‌లాగే ఉంటాయి.

38వ రోజు: గదిలో జరిగింది

పీహెచ్‌సీలో ఏఎన్ఎం ఒక విషయం గమనించింది. పాప ఏడుస్తుంటే తల్లి తల తిప్పలేదు. వైద్యాధికారి జిల్లా బోధనాసుపత్రి మానసిక విభాగానికి రాసి పంపారు. అక్కడ ముందుగా చేసింది ఆమె తల్లిని, పెద్దమ్మను బయట కూర్చోబెట్టడం. వాళ్లు పక్కనుంటే ఏ ప్రశ్నకైనా "బాగుండా" అన్నదే జవాబు.

"ఏమ్మా, పాప పండుకున్నప్పుడు నీకు నిద్ర పడుతుందా?"

"పండుకుంటా మేడం. కండ్లు మూసుకుంటా. నిద్ర రాదు."

"పాప ఏడిస్తే ఏమనిపిస్తుంది?"

"ఏమీ అనిపీదు. ఎవరి బిడ్డో ఏడుస్తాన్నట్టు ఉంటాది."

మొత్తం సంభాషణలో అన్నిటికన్నా విలువైన జవాబు మొదటిది. బాలింతకు నిద్ర లేకపోవడం మామూలే, బిడ్డ నిద్రపోనివ్వదు. కానీ బిడ్డ నిద్రపోయి, చూసుకునే మనిషి పక్కనే ఉండి, ఒళ్లు అలిసిపోయి కూడా నిద్ర పట్టకపోతే అది బిడ్డ వల్ల కాదు. పల్లెలో ఎవరైనా అడగగలిగే ప్రశ్న ఇది, దీనికి కాగితం కూడా అక్కర్లేదు.

తర్వాత ఎడిన్‌బరో స్కేలు వాడారు. 1987లో తయారైన ఈ స్కేలులో పది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 30, గడిచిన 7 రోజుల గురించే అడగాలి. చాలా చోట్ల 13 లేదా ఆపైన వస్తే డిప్రెషన్ ఉండొచ్చని తీసుకుంటారు, 10 నుంచి 12 మధ్య వస్తే రెండు వారాల్లో మళ్లీ చూస్తారు. ఇది జబ్బును అనుమానించడానికే, నిర్ధారణ డాక్టరు మాట్లాడి చేయాలి. చదువు తక్కువున్న వాళ్ల దగ్గర నాలుగు జవాబులు చదివితే అవి అవును, కాదుగా మారిపోతాయి. అందుకే "ఈ వారంలో ఎన్ని రోజులు అట్ల అనిపించింది?" అని అడిగి, ఆ లెక్కను బట్టి దగ్గరి జవాబును ఎంచుకుని, మళ్లీ ఆమెకు చెప్పి సరిచూసుకోవాలి. ఆమెకు వచ్చింది 17.

మొత్తం ఎంతొచ్చినా పదో ప్రశ్నను విడిగా చూడాలి. తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించినది అది. అందులో సున్నా కాకుండా ఏది వచ్చినా, మొత్తం 6 ఉన్నా సరే, మాట్లాడకుండా ఇంటికి పంపకూడదు. ఆమె జవాబుకు 1 వచ్చింది. అడిగితే ఇలా చెప్పింది: "ఒకోసారి మేడం. నేను లేకుంటే పాపను మా అమ్మే బాగా చూసుకుంటాది అనిపిస్తాది." ఆ తర్వాత ఎలా, ఎప్పుడు అని ఆలోచించిందా, ఏమైనా సిద్ధం చేసుకుందా, ఇంతకు ముందెప్పుడైనా ప్రయత్నించిందా అని వరుసగా అడిగారు. మూడింటికీ లేదనే చెప్పింది. ఇలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని జంకుతారు. నిజానికి అడిగాక చాలామంది ఊపిరి పీల్చుకుంటారు.

ఇంకొకటి కూడా ఆమె చెప్పింది, చాలాసేపటి తర్వాత. కత్తిపీట చూస్తే పాపకు ఏదో అవుతుందన్న బొమ్మ కళ్ల ముందు మెదులుతోందని, అందుకే వంటింట్లోకి పోవడం మానేసిందని. వినగానే భయపడి బిడ్డను వేరు చేసేస్తే తప్పు. ఆ ఆలోచన వచ్చినందుకు ఆమె వణికిపోతోంది, దానికి దూరంగా పారిపోతోంది. ఇలాంటివి ఆందోళనలో వచ్చే అక్కర్లేని ఆలోచనలు, వీటిని ఆచరించే ప్రమాదం చాలా తక్కువ. దీనికి పూర్తిగా వేరైన పరిస్థితి ఒకటుంది: "ఇది నా బిడ్డ కాదు", "దీంట్లో దెయ్యముంది", "దీన్ని కాపాడాలంటే పంపించేయాలి" అని నమ్మకంగా, భయం లేకుండా చెప్పడం. అది ప్రసవానంతర సైకోసిస్. వెయ్యి కాన్పుల్లో ఒకటి రెండింటిలో వస్తుంది, ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే, గంటల్లో ముదురుతుంది. రెండు మూడు రాత్రులు నిద్ర లేకపోయినా అలసట కనిపించకపోవడం, పొంతన లేని మాటలు, గందరగోళం, లేని గొంతులు వినడం దాని గుర్తులు. అక్కడ తెల్లారేదాకా ఆగకూడదు, 108కి ఫోన్ చేసి బోధనాసుపత్రికి వెళ్లాలి.

గందరగోళంతో పాటు జ్వరం, తీవ్రమైన తలనొప్పి, వాంతులు, ఫిట్స్, చెయ్యో కాలో పడిపోవడం ఉంటే అది మనసు జబ్బనుకోకూడదు. ఇన్ఫెక్షన్ కావచ్చు, గుర్రపువాతం కావచ్చు, మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. బాలింతకు నీళ్లు తాగనివ్వకపోవడం ఈ గడ్డ కట్టడానికి దోహదం చేసే కారణాల్లో ఒకటి. మన ఎండల్లో వెల్లుల్లి కారం అన్నం పెట్టి గ్లాసెడు నీళ్లతో సరిపెట్టే పత్యాన్ని మానిపించాల్సింది ఈ కారణానికే.

వైద్యం, లెక్కతో సహా

పరీక్షల్లో హిమోగ్లోబిన్ 8.6, టీఎస్‌హెచ్ మామూలుగానే ఉంది. మందు రాసే ముందు ఇంకో ప్రశ్న తప్పనిసరి: ఇంతకు ముందెప్పుడైనా కొన్ని రోజుల పాటు నిద్ర లేకపోయినా విపరీతమైన హుషారు, ఆగని మాటలు, చేతికందినంత ఖర్చు ఉన్నాయా, ఇంట్లో ఎవరికైనా బైపోలార్ జబ్బు ఉందా? ఉంటే మామూలు డిప్రెషన్ మాత్ర ఒక్కటే ఇస్తే ఉన్మాదం వైపు నెట్టవచ్చు. ఇక్కడ రెండూ లేవు.

సెర్ట్రాలిన్ పొద్దున తిన్నాక 25 మిల్లీగ్రాములు, వారం తర్వాత 50. దీన్ని ఎంచుకోవడానికి కారణం పాలలోకి చాలా తక్కువ వెళ్లడం. పాలు తాగే బిడ్డల రక్తంలో చాలాసార్లు కొలిచేందుకు కూడా దొరకదు. పాలు ఆపాల్సిన పనిలేదు, బిడ్డ మరీ మగతగా ఉన్నా, పాలు తాగడం తగ్గినా చెప్పాలి, అంతే. మొదటి వారం తల్లికి వికారం, తలనొప్పి, కాస్త కంగారు ఉండొచ్చు. ఫలితం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఈ వ్యవధి ముందే చెప్పకపోతే ఐదో రోజుకు "మందు పడలేదు" అని ఆపేస్తారు. మందులు పనిచేయలేదని వచ్చే కేసుల్లో చాలా వాటికి కారణం ఇదే.

ఐరన్ ఫోలిక్ మాత్రలు పూటకొకటి చొప్పున రోజుకు రెండు. కాల్షియం మాత్రతో, టీ కాఫీలతో కలిపి వేసుకోకూడదు, కనీసం రెండు గంటల ఎడం ఉండాలి.

మందులకన్నా ఎక్కువసేపు మాట్లాడాల్సి వచ్చింది నిద్ర గురించి. రాత్రి ఒకే విడతగా నాలుగైదు గంటల నిద్ర దొరకాలి, ముక్కలు ముక్కలుగా ఎనిమిది గంటలు పడుకున్నా దానికి సమానం కాదు. ఇంట్లో కుదిరిన పద్ధతి ఇది: రాత్రి తొమ్మిదిన్నరకు పాలిచ్చి పడుకుంటుంది. అంతకు ముందే పిండి ఉంచిన పాలను పన్నెండు గంటల ప్రాంతంలో అమ్మమ్మ ఉగ్గుగిన్నెతో పడుతుంది. పిండిన పాలు బయట నాలుగు గంటలకు మించి ఉంచకూడదు, గిన్నెను ముందే నీళ్లలో మరిగించాలి. రెండు గంటలకు తల్లి లేచి రొమ్ము పట్టిస్తుంది. ఇదంతా పాప పడుకునే గదిలోంచి తల్లి మంచాన్ని పక్క గదికి మార్చాకే పనిచేసింది. లేకపోతే పాప కదిలినప్పుడల్లా మెలకువ వస్తూనే ఉండేది.

కుటుంబానికి చెప్పినవి మూడే. ఇంట్లో వేరుశనగకు కొట్టే పురుగుమందులు, ఉన్న మాత్రలన్నీ తాళం వేసి, తాళంచెవి ఆమె తండ్రి దగ్గర ఉంచాలి. పగలు ఆమెను ఒంటరిగా వదలకూడదు, అలాగని ప్రతి నిమిషం ప్రశ్నించకూడదు. భర్త రోజూ రాత్రి ఎనిమిదికి ఫోన్ చేయాలి, చేసి "ఎట్లుండావు" అనే అడగాలి, "పాప తిన్నాదా" అని మొదలుపెట్టకూడదు. తాయెత్తు తీసేయాలా అని అమ్మమ్మ అడిగింది. ఉంచుకోండి, మాత్ర మాత్రం ఒక్క పూట కూడా మానొద్దు అన్నారు.

ఆమెను ఆసుపత్రిలో చేర్చుకోలేదు. చావడానికి పథకమో, ఇదివరకటి ప్రయత్నమో, అన్నం నీళ్లు మానేయడమో, సైకోసిస్ గుర్తులో, ఇంట్లో కాపు కాసే మనిషి లేకపోవడమో ఉంటే చేర్చుకునేవారు. చేర్చుకున్నా మూడేళ్ల లోపు బిడ్డను మామూలుగా తల్లి నుంచి వేరు చేయకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతుంది. బిడ్డను లాక్కుంటారన్న భయంతో దాచిపెట్టే ఇళ్లకు ఈ మాట చెప్పాలి.

రెండు వారాలకు స్కోరు 14. దిగులు అలాగే ఉంది కానీ నిద్ర వచ్చింది, ముందు తిరిగివచ్చేది ఎక్కువగా అదే. నాలుగు వారాలకు 10, పదో ప్రశ్నకు 0. ఎనిమిది వారాలకు 5, హిమోగ్లోబిన్ 10.8. పాప బరువు దారిలో పడింది, డబ్బా మానేశారు. వంటింట్లోకి వెళ్తోందని ఆమె కాదు, వాళ్లమ్మ చెప్పింది.

అసలు గండం ఐదో నెలలో వచ్చింది, అత్తారింటికి పంపేటప్పుడు. అక్కడికి మాత్రలు తీసుకెళ్తే పిచ్చి మాత్రలంటారని ఆపేద్దామనుకున్నారు. బాగుపడ్డాక కనీసం ఆరు నెలలు, వీలైతే తొమ్మిది నెలలు వాడి, ఆ తర్వాత కొన్ని వారాల్లో మెల్లగా తగ్గించాలి. మధ్యలో ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, చిరాకు వస్తాయి, జబ్బు కూడా తిరగబెట్టవచ్చు. భర్తను పిలిపించి, అత్తను కూర్చోబెట్టి, రక్తం తక్కువవడానికి మాత్రలెలాగో దీనికీ అలాగేనని చెప్పాక ఒప్పుకున్నారు. అత్తారింటికి దగ్గరి పీహెచ్‌సీ పేరు, రాత్రుళ్లు మాట్లాడాలనిపిస్తే తెలుగులో ఉచితంగా పలికే టెలీ మానస్ నంబరు 14416 చీటీ మీద రాసిచ్చారు.

ఎప్పుడు తీసుకురావాలని ఆ అత్తే అడిగింది, వచ్చే కాన్పుకు, ఇంట్లో ఇంకో కోడలికి కూడా ఉపయోగపడుతుందని. చెప్పింది ఇది: ఏడుపు 14 రోజులు దాటితే ఆ వారంలోనే, 14 రోజుల లోపైనా, బిడ్డ పడుకున్నా తనకు నిద్ర పట్టకపోతే, బిడ్డ మీద ఏమీ అనిపించడం లేదంటే, అన్నం సహించకపోతే ఒకటి రెండు రోజుల్లో, చావు మాట వచ్చినా, మాటల్లో పొంతన లేకపోయినా అదే గంటలో. మొదటి ఏడాదంతా ఎప్పుడైనా మొదలవ్వచ్చు, నెల దాటింది కదా ఇక రాదు అనుకోకూడదు.

ఆమె చీటీ అడుగున డాక్టరు ఇలా రాశారు: "తర్వాతి గర్భం నిర్ధారణ కాగానే ఈ విభాగానికి రావాలి. కాన్పు తర్వాత 3, 7, 14 రోజుల్లో తల్లి నిద్ర అడగాలి. 14వ రోజు ఎడిన్‌బరో స్కేలు."